19 పేజీల కాంట్రాక్ట్‌ని ఒక పేజీకి కుదించాను, ఏం వదిలేశానో చూసి చెప్పండి

తొలిమెట్టు

అందరికీ నమస్తే. ఈ ఏడాదే డిగ్రీ పూర్తయింది, మొదటి ఉద్యోగం వచ్చింది. రెండు పేజీల ఆఫర్ లెటర్, దానితో పాటు 19 పేజీల కాంట్రాక్ట్, చివర నాలుగు అనుబంధాలు పంపారు. ఇవాళ ఆదివారం. శుక్రవారంలోగా సంతకం చేసి పంపాలట.

రెండు రోజులు కూర్చుని మొత్తం చదివి, నాకు అర్థమైనంతలో ఒక పేజీ రాసుకున్నాను. అసలు అంకెలు ఇక్కడ పెట్టడం ఇష్టం లేదు. అందుకే ఏడాది ప్యాకేజీ 1200 అనుకుని మిగతావన్నీ అదే లెక్కలో రాస్తున్నాను.

- జీతం ఏడాదికి 1200, అంటే నెలకు 100
- ప్రొబేషన్ ఆరు నెలలు
- నోటీస్ పీరియడ్ మూడు నెలలు
- 18 నెలల లోపు నేను మానేస్తే 210 కట్టాలి
- జాయినింగ్ బోనస్ 60, ఏడాది లోపు మానేస్తే వెనక్కి ఇచ్చేయాలి
- పని చేసేది నేను అడిగిన ఊళ్లోనే

సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి ఇవేనా? ఇంకేమైనా మిస్సయ్యానా? చాలా టెన్షన్‌గా ఉంది.

నైట్‌షిఫ్ట్

కంగ్రాట్స్ అండీ. ఆ నాలుగో లైను గురించి మాత్రం టెన్షన్ పడకండి. బాండ్లు కోర్టులో నిలబడవు. నాతో పాటు చేరినవాళ్లలో నలుగురు మధ్యలోనే మానేశారు, ఒక్కరూ పైసా కట్టలేదు. కంపెనీలు భయపెట్టడానికి రాసుకుంటాయంతే. సంతకం పెట్టేసి హాయిగా చేరండి.

పాత_హెచ్ఆర్

తొలిమెట్టు గారూ, పద్నాలుగేళ్లు ఇలాంటి కాగితాలు పంపించే పనిలోనే ఉన్నాను. మీరు శ్రద్ధగా చదివారని తెలుస్తోంది. అయితే కుదించేటప్పుడు మాటలు మారిపోయాయేమో అనిపిస్తోంది. నాలుగు చోట్ల కాంట్రాక్ట్‌లో ఉన్న వాక్యం ఉన్నదున్నట్టుగా చూసి చెప్పండి.

ఒకటి, బాండ్ క్లాజులో "ఉద్యోగి రాజీనామా చేస్తే" అని ఉందా, "ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే" అని ఉందా? రెండు, ఆ 18 నెలలు ఏ తేదీ నుంచి మొదలవుతాయి? మూడు, 1200 ఎలా విడగొట్టారో అనుబంధంలో పట్టిక ఉంటుంది, అది కావాలి. నాలుగు, చివరి పేజీల్లో "ఇంతకు ముందు జరిగిన ఒప్పందాలన్నింటి స్థానంలో ఈ కాంట్రాక్టే ఉంటుంది" అనే అర్థం వచ్చే క్లాజు ఉందా?

పిల్లాడి_నాన్న

మా అబ్బాయికి కూడా ఇలాంటి లెటరే వచ్చిందండీ. ఇది అసలుదా నకిలీదా అని ఎలా తెలుసుకోవాలి? శిక్షణ ఫీజు ముందు కట్టమంటున్నారు.

పాత_హెచ్ఆర్

అన్నగారూ, ఈ అమ్మాయి అడుగుతున్నది వేరు. మీది అంతకన్నా తొందరగా చూసుకోవాల్సిన విషయం. చేరకముందే ఫీజు, డిపాజిట్ అని డబ్బు అడిగితే కట్టకండి. ఆ లెటర్‌లో ఉన్న నంబరుకు కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి ఆ ఆఫర్ ఇచ్చారో లేదో కనుక్కోండి. విడిగా ఒక టాపిక్ పెట్టండి, అక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

తొలిమెట్టు

పాత_హెచ్ఆర్ గారూ, మళ్లీ తీసి చూశాను. మీరు అన్నట్టే ఉంది.

బాండ్ క్లాజు 11.3. నా తెలుగులో: "సేవా కాలం పూర్తి కాకముందు ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే, ఉద్యోగి మొత్తం 210 చెల్లించాలి." సేవా కాలం అంటే ఏమిటో మొదటి పేజీ నిర్వచనాల్లో ఉంది: "శిక్షణ విజయవంతంగా పూర్తయిన తేదీ నుంచి 18 నెలలు." శిక్షణ నాలుగు నెలలు.

పట్టిక రెండో అనుబంధంలో ఉంది. నెలనెలా వచ్చే జీతం ఏడాదికి 840. పనితీరు మీద ఇచ్చే వేరియబుల్ పే 180. జాయినింగ్ బోనస్ 60. రిటైర్‌మెంట్ నిధికి కంపెనీ వాటా, బీమా, ఇంకా అలాంటివి కలిపి 120.

నాలుగోది కూడా ఉంది, క్లాజు 21. "సంతకానికి ముందు నోటిమాటగా గానీ రాతపూర్వకంగా గానీ జరిగిన అన్ని ఒప్పందాలూ రద్దవుతాయి" అని. మార్పులు ఏవైనా ఇద్దరూ సంతకం చేసిన కాగితం మీదే చెల్లుతాయట.

ఊరి సంగతి ఆఫర్ లెటర్‌లో ఉంది. కాంట్రాక్ట్‌లో మాత్రం "కంపెనీ ఏ కార్యాలయానికైనా బదిలీ చేయవచ్చు" అని ఉంది.

పాత_హెచ్ఆర్

ఇప్పుడు మీ పేజీ పక్కన పెట్టుకుని చూడండి.

నెలకు 100 అని రాశారు. నెలనెలా జీతంగా వచ్చేది 70, అందులోంచి పన్ను, నిధికి మీ వాటా పోతాయి. అద్దె, అప్పు వాయిదా లాంటి లెక్కలు 70 కన్నా తక్కువ మీదే వేసుకోవాలి. మిగిలిన 30లో 15 పనితీరును బట్టి వస్తుంది, 5 ఒక్కసారే వచ్చే బోనస్, 10 మీ జేబులోకి ఇప్పట్లో రాదు. రెండో ఏడాది జీతం పెరగకపోతే జాయినింగ్ బోనస్ ఉండదు కాబట్టి ప్యాకేజీ 1140కే దిగుతుంది.

18 నెలలు అని రాశారు. చేరిన రోజు నుంచి లెక్కేస్తే అది 22 నెలలు. శిక్షణ ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. "విజయవంతంగా" అనే మాట కూడా ఉంది. పరీక్ష తప్పి మళ్లీ రాయాల్సి వస్తే గడియారం అప్పటిదాకా మొదలే కాదు.

ఇక "నేను మానేస్తే" అని మీరు రాసిన రెండు మాటలు చాలా పెద్ద తేడా. "ఏ కారణం చేతనైనా" అంటే వాళ్లే తీసేసినా అని అర్థం వస్తుంది. శిక్షణ పరీక్షలో తప్పారని పంపించినా, ప్రాజెక్టులు లేవని పంపించినా, కాగితం ప్రకారం 210 అడిగే దారి వాళ్లకు ఉంది. అడుగుతారా లేదా అన్నది వేరే విషయం. మీ పేజీలో మాత్రం ఆ ప్రమాదమే కనబడటం లేదు.

అందుకే నేను కొత్తవాళ్లకు చెప్పేది ఏమిటంటే, జీతం, సెలవులు, నోటీస్ అని ఒక్కోదానికి ఒక్కో లైను రాస్తే ఈ క్లాజులు ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తాయో తెలియదు. "ఫలానా నెలలో బయటికి వస్తే నాకేమవుతుంది" అని ప్రశ్న వేసుకుని, దానికి జవాబు చెప్పే క్లాజులన్నీ ఒకచోటికి తెచ్చుకోండి. పక్కన క్లాజు నంబరు, "ఎప్పుడు", "ఎవరు", "ఎంత" అని చెప్పే మాటలు మాత్రం కాంట్రాక్ట్‌లో ఉన్నవే రాసుకోండి. మిగతావి మీ మాటల్లో ఉన్నా నష్టం లేదు.

ఇంకో రెండు కావాలి. నోటీసుకు బదులు డబ్బు కట్టాల్సి వస్తే అది బేసిక్ మీదా, మొత్తం నెల జీతం మీదా? వేరియబుల్ పే ఎప్పుడు, ఎవరికి ఇస్తారు?

బోనస్_బాధితుడు

నా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మొదటి కంపెనీలో జాయినింగ్ బోనస్ ఇచ్చారు. పన్ను కోసుకుని దాదాపు మూడొంతుల్లో రెండొంతులే చేతికి వచ్చింది. పదో నెలలో ఇంట్లో ఆరోగ్యం బాగోక మానేయాల్సి వచ్చింది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పన్ను కోయకముందున్న మొత్తం పట్టేసుకున్నారు. నాకు రాని డబ్బు నేను వెనక్కి ఇచ్చినట్టయింది. కాంట్రాక్ట్ తీసి చూస్తే "బోనస్ మొత్తం" అని మాత్రమే ఉంది. చేతికి వచ్చినదా, పన్నుతో కలిపా అని ఎక్కడా లేదు. ఆ పన్ను కోసం తర్వాత నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

పైగా పదో నెల కాబట్టి పన్నెండులో రెండు నెలల వంతే కట్టాలేమో అనుకున్నాను. కాదు. ఏడాదికి ఒక్క రోజు తగ్గినా మొత్తం.

తొలిమెట్టు

అయ్యో, నా దాంట్లోనూ "బోనస్ మొత్తం" అనే ఉంది!

నోటీస్ గురించి క్లాజు 14. ప్రొబేషన్‌లో నేను నెల రోజులు ఇవ్వాలి, కంపెనీ 15 రోజులు ఇస్తే చాలు. కన్ఫర్మేషన్ తర్వాత ఇద్దరికీ మూడు నెలలు. తగ్గిన రోజులకు "స్థూల నెల జీతం" లెక్కన కట్టాలట. అంటే 70 అనుకుంటున్నాను. బేసిక్ 35. "రాతపూర్వకంగా ధ్రువీకరించే వరకు ప్రొబేషన్ కొనసాగుతున్నట్టే" అని కూడా ఉంది.

వేరియబుల్ పే ఏడాది పూర్తయ్యాక మూడు నెలల్లో ఇస్తారు, అంటే 15వ నెలలో. "చెల్లింపు తేదీన ఉద్యోగంలో ఉండి, నోటీసులో లేనివారికి" మాత్రమే.

పాత_హెచ్ఆర్

బాగా వెతికారు. ఇప్పుడు లెక్క వేద్దాం.

ఐదో నెల చివర మానేశారనుకోండి. ఇంకా ప్రొబేషనే, నెల రోజుల నోటీసు పనిచేసి తీర్చేయొచ్చు. బాండ్ 210, బోనస్ 60, మొత్తం 270. అప్పటికి మీకు వచ్చిన జీతం 350, అదీ పన్నుకు ముందు.

ఎనిమిదో నెలలో, కన్ఫర్మేషన్ లెటర్ వచ్చాక, వేరే చోట మంచి ఉద్యోగం దొరికింది, వాళ్లు నెల రోజులకన్నా ఆగలేమన్నారనుకోండి. బాండ్ 210, బోనస్ 60, తగ్గిన రెండు నెలల నోటీసుకు 140. కలిపితే 410. ఎనిమిది నెలల జీతం 560. అదే నోటీస్ లెక్క బేసిక్ మీద అయ్యుంటే 140 బదులు 70 అయ్యేది. ఒక్క మాట ఖరీదు ఒక నెల జీతం అన్నమాట, చూశారా. ఆ మాటకు అర్థం మీకు నిర్వచనాల పేజీలో తప్ప ఇంకెక్కడా కనబడదు.

పద్నాలుగో నెలలో రాజీనామా ఇస్తే బోనస్ గడువు దాటింది, అది పోదు. కానీ మూడు నెలల నోటీసు నడుస్తుండగానే 15వ నెల వస్తుంది. మీరు ఉద్యోగంలో ఉన్నా నోటీసులో ఉన్నారు కాబట్టి ఏడాదంతా కష్టపడి సంపాదించిన 180 రాదు. బాండ్ 210 ఎలాగూ ఉంది. రెండు నెలలు ఆగి ఇస్తే ఆ 180 మిగిలేది. 22 నెలలు దాటితే బాండ్ కూడా లేదు, నోటీస్ ఒక్కటే.

ఇంకొకటి గమనించండి, 11.3లో "మొత్తం 210" అని ఉంది. 21వ నెలలో వెళ్లినా అంతే. మీరు అడగదగ్గ మొదటి మార్పు ఇదే అని నా అభిప్రాయం: పనిచేసిన నెలలకు తగ్గట్టు తగ్గించమనడం. సగం సేవా కాలం, అంటే 13వ నెల పూర్తయితే 105 కట్టాలి. ఇలా తగ్గించే కంపెనీలు ఉన్నాయి, వింత కోరికేం కాదు.



నైట్‌షిఫ్ట్

ఇంత లెక్క ఎందుకండీ, బాండే చెల్లనప్పుడు? చట్టం ప్రకారం ఎవరినీ బలవంతంగా పనిలో ఉంచలేరు.

సగం_లాయర్

న్యాయవిద్య చివరి సంవత్సరంలో ఉన్నాను, లాయర్‌ని కాను. నైట్‌షిఫ్ట్ గారు చెప్పినదాంట్లో సగం నిజం. బలవంతంగా పనిచేయించలేరు, అది సరే. కానీ పనిచేయించడం వేరు, డబ్బు అడగడం వేరు.

ఇక్కడ రెండు రకాల క్లాజులు కలిసిపోతున్నాయి. ఉద్యోగం వదిలాక పోటీ కంపెనీలో చేరకూడదనేది ఒకటి. ఇది దేశాన్ని బట్టి చాలా మారుతుంది. భారత్‌లో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటి నిషేధం సాధారణంగా చెల్లదు. కాలిఫోర్నియాలోనూ చెల్లదు. జర్మనీలో చెల్లుతుంది, కానీ ఆ నిషేధం ఉన్నన్నాళ్లూ చివరి సంపాదనలో కనీసం సగం కంపెనీ చెల్లిస్తేనే, అదీ రెండేళ్లకు మించకుండా.

ఉద్యోగంలో ఉండగా ఇంతకాలం పనిచేస్తాననే మాట రెండోది. 2025 మేలో భారత సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్ల సేవా బాండ్‌ను సమర్థించింది. అది ఆ ఉద్యోగానికి, ఆ మొత్తానికి, ఆ నియామక పద్ధతికి సంబంధించిన తీర్పు. కాబట్టి అన్ని బాండ్లూ చెల్లుతాయనీ చెప్పలేం, ఏదీ చెల్లదనీ చెప్పలేం. మొత్తం సహేతుకంగా ఉందా, శిక్షణకు నిజంగా ఖర్చయిందా అన్నవి చూస్తారు. కంపెనీయే తీసేసినప్పుడు 210 అడిగితే మీ వాదన బలంగానే ఉంటుందని నాకనిపిస్తోంది.

నైట్‌షిఫ్ట్

సరే, ఆ తీర్పు సంగతి నాకు తెలియదు. మావాళ్లు నలుగురూ కట్టలేదన్నది మాత్రం నిజం. ఒకడికి రిలీవింగ్ లెటర్ ఏడు నెలలు ఆపారు, ఆ మాట చెప్పడం మర్చిపోయాను. కొత్త కంపెనీ వాడిని ఆ లెటర్ లేకుండా తీసుకోలేదు.

పాత_హెచ్ఆర్

అదేనండీ. కోర్టుదాకా వెళ్లే కంపెనీలు తక్కువే. చివరి నెల జీతం ఆపడం, లెటర్ ఆపడం మాత్రం చేతిలో పని. కొత్త గ్రాడ్యుయేట్ గెలిచే కేసైనా నడిపే స్థితిలో ఉండడు. అందుకే చెల్లుతుందా అనే ప్రశ్న కన్నా, ఎంత అడగగలరు అనే అంకె ముందు తెలియాలంటాను.

తొలిమెట్టు

బాండ్ గురించి రిక్రూటర్‌ని ఫోన్లో అడిగాను. "మేము తీసేస్తే బాండ్ వర్తించదు, కంగారు పడకండి" అన్నారు. మెయిల్‌లో రాసి పంపమంటే పంపారు కూడా. ఇది చాలా?

సగం_లాయర్

మీ క్లాజు 21 చూడండి. సంతకానికి ముందు జరిగిన రాతపూర్వక ఒప్పందాలు కూడా రద్దు అంటోంది. ఆ మెయిల్ సంతకానికి ముందుదే. కచ్చితంగా చదివితే మీరు సంతకం చేసిన క్షణంలో ఆ మెయిల్ విలువ తగ్గిపోతుంది. ఆఫర్ లెటర్‌లో ఉన్న ఊరి మాటకూ అదే గతి. 11.3లో "ఉద్యోగి స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే" అని మార్చమనండి, లేదా ఒక పేరా అనుబంధంగా రాసి ఇద్దరూ సంతకం చేయండి.

పాత_హెచ్ఆర్

నేను కొంచెం విభేదిస్తాను. వందల మందికి ఒకే కాంట్రాక్ట్ పంపే కంపెనీ ఒక్కరి కోసం క్లాజు మార్చదు, చాలాసార్లు నేనే "కుదరదు" అని జవాబిచ్చాను. కానీ ఆ మెయిల్ పనికిరానిదేం కాదు. రేపు ఎవరైనా 210 అడిగితే, ఆ క్లాజుకు మీ కంపెనీయే ఇచ్చిన అర్థం ఇది అని చూపించవచ్చు. రిక్రూటర్ మాటకన్నా హెచ్ఆర్ అధికారిక మెయిల్ నుంచి, క్లాజు నంబరుతో సహా వస్తే ఇంకా బలం. దాన్ని మీ సొంత మెయిల్‌కు పంపి దాచుకోండి, ఆఫీస్ మెయిల్ ఉద్యోగంతోపాటే పోతుంది.

సగం_లాయర్

సాక్ష్యంగా పనికొస్తుందని ఒప్పుకుంటాను. సంతకం చేసిన కాగితంతో సమానం కాదనే నా మాట. దీనిమీద మనిద్దరం ఏకాభిప్రాయానికి రాకపోవచ్చు.

బోనస్_బాధితుడు

అడిగేటప్పుడు బోనస్ పన్నుకు ముందా తర్వాతా అన్నది కూడా అడగండి, మర్చిపోకండి.

తొలిమెట్టు

బుధవారం రాత్రి. హెచ్ఆర్‌కి నాలుగు ప్రశ్నలు క్లాజు నంబర్లతో పంపాను, ఇవాళ జవాబు వచ్చింది. 11.3 కంపెనీ తొలగింపుకు వర్తించదని అధికారిక మెయిల్‌లో రాశారు, కాంట్రాక్ట్ మార్చడం మాత్రం కుదరదన్నారు. నెలల వంతున తగ్గించడానికి ఒప్పుకోలేదు. బోనస్ చేతికి వచ్చినంతే వెనక్కి తీసుకుంటామన్నారు. ఊరి గురించి "వ్యాపార అవసరాన్ని బట్టి" అని ఒక్క ముక్క.

నా పేజీ మళ్లీ రాశాను:

- నెలకు 70, పన్నుకు ముందు (అనుబంధం 2)
- 22వ నెల వరకు మానేస్తే 210, ఏ నెలైనా మొత్తం (11.3, నిర్వచనాలు, తొలగింపు గురించి హెచ్ఆర్ మెయిల్)
- ఏడాది లోపు అదనంగా 60, చేతికి వచ్చినంత (హెచ్ఆర్ మెయిల్)
- నోటీస్ తగ్గితే నెలకు 70 (14)
- 180 కావాలంటే 15వ నెల చెల్లింపు తర్వాతే రాజీనామా
- కన్ఫర్మేషన్ లెటర్ చేతికి రాకపోతే ఏడో నెలలో అడగాలి (ప్రొబేషన్ ముగిసే తేదీ క్యాలెండర్‌లో పెట్టాను)
- ఊరు మారవచ్చు

ఇప్పుడు నా మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే. 22 నెలలు ఇక్కడ ఉండగలనా? పని నచ్చింది, కానీ ఊరు మారితే ఇంట్లో అమ్మను ఒంటరిగా వదలాల్సి వస్తుంది. ఆ బదిలీ క్లాజు వల్ల మానేసినా 210 నాదేనా?

పాత_హెచ్ఆర్

కాగితం ప్రకారం మీదే, మీరు మానేసినట్టే లెక్క. అందుకని రేపు ఉదయమే ఇంకొక్క మెయిల్ పంపండి: "సేవా కాలంలో వేరే ఊరికి బదిలీ చేసి, నేను వెళ్లలేక రాజీనామా చేస్తే 11.3 వర్తిస్తుందా?" అని. శుక్రవారం సాయంత్రం వరకు సమయం ఉంది. జవాబు రాకపోతే గడువు మూడు రోజులు పొడిగించమని అదే మెయిల్‌లో అడగండి. గడువు అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం నా సర్వీసులో ఒక్కసారీ చూడలేదు.

తొలిమెట్టు

ఇప్పుడే రాసి డ్రాఫ్ట్‌లో పెట్టాను. ఉదయం తొమ్మిదింటికి పంపుతాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.